ఎంత ఇస్తే అంత వెనక్కి

నేను డబ్బు మార్చే కొట్టులో పని చేస్తాను. కొట్టు అంటే మా మేనేజరుకి కోపం, శాఖ అనాలంటాడు. ఒక షట్టరు, రెండు కిటికీలు, కుర్చీలో కునుకు తీసే కాపలాదారు ఉన్నదాన్ని కొట్టు అనకపోతే ఏమంటారో నాకు తెలియదు. ఒక పక్క చెప్పుల దుకాణం, మరో పక్క ఫోన్లు బాగుచేసేవాడు. మా గోడకి ఒక బోర్డు వేలాడుతుంది. దాని మీద దేశాల జెండాలు, ఒక్కో జెండా పక్కన ఎర్రగా వెలిగే అంకెలు రెండు వరసలు. ఒకటి మేం కొనే ధర, రెండోది మేం అమ్మే ధర. వాటన్నిటికీ పైన, అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ‘కమీషన్ లేదు’ అని ఉంటుంది.

ఆ మాట అబద్ధం కాదు. మేం నిజంగానే కమీషన్ తీసుకోం. మాకు రావలసింది ఆ రెండు వరసల మధ్యనే ఉంటుంది. వచ్చినవాళ్ళు పైనున్న పెద్ద అక్షరాలు చదువుకుంటారు, తమకి పనికొచ్చే వరస ఒక్కటే చూసుకుంటారు, వెళ్ళిపోతారు. రెండో వరస కూడా ఉందని గమనించేది, ప్రయాణం మానుకుని అవే నోట్లతో వెనక్కి వచ్చినవాళ్ళే. అప్పుడు కిటికీలోంచి కోప్పడతారు. వాళ్ళకి ఓపిగ్గా వివరించి పంపే పని నాది. నేను ఎంత బాగా వివరిస్తానంటే, కొత్తగా చేరినవాళ్ళని మేనేజరు నా వెనక నిలబెట్టి వినమంటాడు. ఇంత తెలిసినవాణ్ణి కాబట్టే మునిగాను. ఏమీ తెలియనివాడైతే నోరు మూసుకుని బతికిపోయేవాడు.

ముంచింది మా అత్తగారి ప్రయాణం. ముంచింది అనడం కూడా అన్యాయమే, నేనే దూకాను.

మా అత్తగారు కుట్టుపని నేర్పే టీచరుగా చేసి రిటైరయ్యారు. మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక్కరే ఉంటారు. ఆవిడకి ఒక అక్క. పెళ్ళై ఎప్పుడో సముద్రాలు దాటి వెళ్ళిపోయిన మనిషి, ఇప్పుడు అక్కడే కొడుకు దగ్గర ఉంటోంది. ఆ పెద్దావిడకి గొంతులో గడ్డ లేచింది. ముందు కొన్నాళ్ళు మందులతో చూస్తామని, ఆ తర్వాత ఆపరేషను తప్పదని అక్కడి డాక్టర్లు చెప్పారు. ఆపరేషన్లో స్వరపేటిక మొత్తం తీసేస్తారు. ప్రాణానికి భయం లేదుగానీ, ఆ తర్వాత ఆవిడ గొంతు ఇక ఉండదు. ఏదో యంత్రం పెడితే మాటలాంటిది వస్తుందట, అది ఆవిడ గొంతు మాత్రం కాదట.

“అక్క గొంతు ఉండగానే ఎదురుగా కూర్చుని ఒక్కసారి మాట్లాడాలి” అన్నారు మా అత్తగారు. ఆ మాట అన్నప్పుడు ఆవిడ చేతిలో అన్నం ముద్ద అలాగే ఉండిపోయింది.

పెద్దావిడ కొడుకు టిక్కెట్టు పంపాడు. ఏడాదిలోపు ఎప్పుడైనా వాడుకోవచ్చు, తేదీ మార్చుకోవచ్చు. వీసా ముద్ర కూడా పడింది. మిగిలింది చేతిఖర్చుకి డబ్బు మార్చుకోవడం ఒక్కటే. ఎవరి చేతుల వంకా చూడనని, తన బ్యాంకులోంచి ఎనభై రెండు వేలు తీసి బల్ల మీద పెట్టారు. ఆ రోజు భోజనానికి ఆవిడ ఇంట్లో అందరం ఉన్నాం. నేను, నా భార్య, మా వదినగారు, ఆవిడ భర్త, అంటే నా తోడల్లుడు.

నా తోడల్లుడు పళ్ళ డాక్టరు. అత్తగారి పళ్ళన్నీ ఆయనే బాగుచేశాడు. కాబట్టి ఆవిడ ఏది నమిలినా ఆయన్నే తలుచుకుంటారు. నేను ఆవిడకి చేసిన ఉపకారం ఏమిటంటే, ప్రతి ఏడూ మా కొట్టు క్యాలెండరు ఒకటి తెచ్చి ఇస్తాను.

“ప్రయాణం తేదీ ఖాయం చేసుకున్నాక మార్చండి అత్తయ్యగారూ” అన్నాడు పళ్ళ డాక్టరు. “ఒకవేళ వెనక్కి మార్చుకోవాల్సి వస్తే కొంత పోతుంది.”

అక్షరాలా నేను రోజూ కిటికీలోంచి చెప్పే మాట అది. నేను చెప్పాల్సిన మాట ఆయన నోట్లోంచి రావడం నాకు పంటి కింద రాయిలా తగిలింది. ఆయన పళ్ళ సంగతి ఆయన చూసుకోవాలిగానీ నా డబ్బు సంగతి ఆయనకెందుకు?

“అది బయటి కొట్లలో అండీ” అన్నాను. “మా దగ్గర కమీషన్ లేదు. నా చేతికి ఇస్తే ఎంత ఇస్తే అంత వెనక్కి. ఎప్పుడంటే అప్పుడు.”

“నిజంగానా?” అన్నాడు ఆయన. పాపం, తెలుసుకుందామనే అడిగాడు.

“బోర్డు మీదే రాసుంటుందండీ, వచ్చి చూసుకోండి.”

అత్తగారు నా వైపు తిరిగారు. “అయితే అల్లుడుగారు ఉండగా మనకి దిగులేముంది” అన్నారు. అంతవరకూ ఆ ఇంట్లో అల్లుడుగారు అంటే పళ్ళ డాక్టరే. నన్ను ‘బాబూ’ అని పిలిచేవారు, అది కూడా బల్బు మార్చాల్సినప్పుడు. నేను మునగచెట్టు ఎక్కి కూర్చున్నాను. ఎక్కించినవాళ్ళెవరూ లేరు, సొంతంగానే ఎక్కాను.

మా కొట్టులో ఒక నిబంధన ఉంది. ఏ గుమాస్తా అయినా తన బంధువుల డబ్బు తన కిటికీలో మార్చకూడదు. పక్క కిటికీలో, మామూలు మనిషిలాగా మార్చుకోవాలి. అందుకని మర్నాడు నేను నా కుర్చీలోంచి లేచి, పక్క తలుపులోంచి బయటికొచ్చి, టోకెన్ తీసుకుని, రెండో కిటికీ ముందు వరసలో నిలబడ్డాను. రెండో కిటికీలో కూర్చునే ఆవిడ నాకంటే చిన్నది. నన్ను అన్నయ్యా అంటుంది, ఏడిపించే అవకాశం దొరికితే వదిలిపెట్టదు.

“చెప్పండి సార్, ఏ దేశం డబ్బు కావాలి?” అంది, నన్నెప్పుడూ చూడనట్టు.

ఆ రోజు ఆ దేశం డబ్బు ఒకటికి మా అమ్మే ధర ఎనభై రెండు, కొనే ధర డెబ్భై ఎనిమిది. ఎనభై రెండు వేలకి సరిగ్గా వెయ్యి వచ్చింది. వాటిని మా అత్తగారి చేతిలో పెట్టాను. ఆవిడ ఒక్కో నోటూ వెలుతురుకి పెట్టి చూసి, గుండీలు దాచుకునే రేకు డబ్బాలో గుండీల కింద దాచారు. పై వారం ప్రయాణం అన్నారు.

పై వారం రాకముందే అక్కాచెల్లెళ్ళు ఫోన్లో పోట్లాడుకున్నారు. వాళ్ళ నాన్నకి మీసం ఉండేదా లేదా అన్నది గొడవ. ఉండేదని పెద్దావిడ, ఎప్పుడూ లేదని మా అత్తగారు. ఇద్దరూ ఆయన కూతుళ్ళే, ఇద్దరూ ఆయన చేతుల్లో పెరిగినవాళ్ళే. చివరికి పెద్దావిడ, “కన్నతండ్రి మొహం గుర్తులేనిదానివి, నన్ను మాత్రం ఏం గుర్తుపడతావు, రావద్దులే” అని ఫోను పెట్టేసిందట.

“రావద్దన్నాక ఎలా వెళ్తాను” అన్నారు మా అత్తగారు మొహం ముడుచుకుని. డబ్బాలోంచి నోట్లు తీసి నా ముందు పెట్టారు. “ఇవి వెనక్కి మార్చుకురండి అల్లుడుగారూ. ఇంట్లో ఊరికే పడి ఉంటే వడ్డీ దండగ.”

అప్పుడు చెప్పాల్సింది. ‘అత్తయ్యగారూ, ఇవి ఇప్పుడు డెబ్భై ఎనిమిది వేలే, నేను నోరు జారాను’ అనాల్సింది. కానీ ‘అల్లుడుగారూ’ అని పిలిచారు కదా. ఆ పిలుపు పోగొట్టుకోవడానికి నాకు మనసొప్పలేదు. సరేనండి అన్నాను.

మళ్ళీ టోకెన్, మళ్ళీ రెండో కిటికీ. ఆవిడ నోట్లు లెక్కపెట్టి డెబ్భై ఎనిమిది వేలు నా ముందుకి తోసింది.

“ఇదేంటమ్మా, వారం కూడా కాలేదు, బోర్డు మీద అంకె కూడా కదల్లేదు, నాలుగు వేలు తక్కువిస్తున్నావు” అన్నాను, ఏదో వేళాకోళానికి.

ఆవిడ గొంతు సవరించుకుంది. నేను కస్టమర్లకి చెప్పేదంతా నా గొంతుతోనే అప్పజెప్పింది. “చూడండి సార్. మేం కమీషన్ తీసుకోం. కానీ ఈ నోట్లు మీకు అమ్మినప్పుడు ఎక్కువ ధరకి అమ్ముతాం, మీ దగ్గర కొన్నప్పుడు తక్కువ ధరకి కొంటాం. ఫోన్లో కనిపించే ఎనభై ఉంది చూశారూ, అది ఈ రెంటికీ నడిమి ధర. ఆ ధరకి మేం అమ్మం, కొనం. వెళ్ళేటప్పుడు ఒకటికి రెండు పోగొట్టుకున్నారు, అప్పుడు మీకు తెలియలేదు. వచ్చేటప్పుడు ఇంకో రెండు. షాపు అద్దె, నోట్లు తెప్పించుకునే ఖర్చు, అవి సొరుగులో పడి ఉన్నంతకాలం ధర పడిపోతుందన్న భయం, ఇదిగో ఇక్కడ కూర్చుని మీకు వివరించే గుమాస్తా జీతం, అన్నీ అందులోనే ఉన్నాయి సార్.”

వెనక వరసలో ఉన్నవాళ్ళు తలలూపారు. నిజంగానే నేను బాగా వివరిస్తాను.

“రసీదు చించేయకూడదా? మొన్నటి అమ్మకం రద్దు చేసేయి” అన్నాను.

“ఒకసారి రసీదు అయ్యాక అది అమ్మకం, ఇది కొనుగోలు. దానికీ దీనికీ సంబంధం లేదని మీరే కదా అన్నయ్యా నేర్పారు.”

నా స్కూటరు కొన్నాళ్ళుగా దగ్గుతోంది. ఇంజను విప్పించి బాగుచేయించడానికి కొంత కూడబెట్టుకున్నాను. అందులోంచి నాలుగు వేలు తీసి కలిపి, అత్తగారికి ఎనభై రెండు వేలు లెక్కపెట్టి ఇచ్చాను. ఆవిడ ఆ సాయంత్రమే పళ్ళ డాక్టరుకి ఫోన్ చేసి, “చూశారా, ఒక్క పైసా పోలేదు” అన్నారట. ఆ ముక్క విని నాకు నాలుగు వేలు గిట్టుబాటయ్యాయనిపించింది. నా తెలివి అలాంటిది.

నేను అర్థం చేసుకోనిది ఒకటుంది. ఒక్క పైసా పోదని నమ్మిన మనిషి ఒక్కసారితో ఆగదు.

పది రోజులకి అక్కాచెల్లెళ్ళు కలిసిపోయారు. పెద్దావిడే ఫోన్ చేసి ఏడ్చింది. మా అత్తగారూ ఏడ్చారు. ఎనభై రెండు వేలు మళ్ళీ నా చేతికొచ్చాయి. ఈ లోపల బోర్డు మీద ధర పెరిగి, అమ్మేది ఎనభై మూడైంది. మొదటిసారి ఇచ్చినట్టే వెయ్యి ఇవ్వకపోతే నా మాట పోతుంది కాబట్టి ఇంకో వెయ్యి నా జేబులోంచి వేసి, ఎనభై మూడు వేలకి కొన్నాను. తర్వాత వాళ్ళు మళ్ళీ చెడారు. ఈసారి అమ్మ గాజులు ఎవరు పోగొట్టారన్నది గొడవ. వెనక్కి మార్చే రోజున బోర్డు ఇంకో అంకె ఎక్కింది. కొనే ధర ఎనభై. నాకు గాల్లో తేలినట్టయింది. ధర పెరిగింది, నా డబ్బు నాకు వచ్చేస్తుంది అనుకుంటూ కిటికీ దగ్గరికి పరిగెత్తాను.

“ఒక్కటే పెరిగింది అన్నయ్యా” అంది రెండో కిటికీ ఆవిడ. “మీరు పోగొట్టుకోకుండా బయటపడాలంటే నాలుగు పెరగాలి. అప్పుడు కూడా లాభం లేదు, నష్టం లేదు అంతే.” ఎనభై మూడు వేలు పెట్టి కొన్నదానికి ఎనభై వేలు వచ్చాయి. మూడు వేలు పోయాయి. నాలుగు పోవాల్సిన చోట మూడే పోయాయని సంతోషించిన మూర్ఖుణ్ణి బహుశా నేనొక్కణ్ణే.

మధ్యలో ఒక మంచి ఉపాయం తట్టకపోలేదు. అత్తగారు తిరిగిచ్చిన నోట్లు అమ్మకుండా నా దగ్గరే ఉంచుకుని, ఆవిడకి ఎనభై రెండు వేలు నేనిచ్చేస్తే సరి, మళ్ళీ ఆవిడకి కావలసినప్పుడు అవే నోట్లు ఇచ్చేయొచ్చు. అప్పుడు కొట్టు మొహమే చూడక్కర్లేదు, నష్టమే ఉండదు. ఉపాయంలో ఒక్కటే లోపం. నా దగ్గర ఎనభై రెండు వేలు లేవు. ఉంటే ఆ కిటికీ వెనక ఎందుకు కూర్చుంటాను?

వాళ్ళు మళ్ళీ కలిశాక, మూడోసారి ఎనభై నాలుగు పెట్టి కొన్నాను. అత్తగారు పెట్టె కూడా సర్దారు. తీరా విమానం సముద్రం మీద అన్ని గంటలు ఎలా ఉంటుందని ఆలోచిస్తూ ఒక రాత్రి నిద్రపోలేదట. పొద్దున్నే డబ్బా పట్టుకొచ్చారు. “ఇప్పుడు కాదులెండి, కాస్త ధైర్యం చిక్కాక వెళ్తాను. ఆపరేషను ఇంకా దూరముందిగా. డబ్బుదేముంది, ఎంత ఇస్తే అంత వెనక్కి కదా.”

ఈసారి బోర్డుకి నా మీద ఏం కక్షో, గబగబా దిగింది. కొనే ధర డెబ్భై ఏడు. ఎనభై నాలుగు వేల నోట్లకి డెబ్భై ఏడు వేలు వచ్చాయి. ఒక్క దెబ్బకి ఏడు వేలు. రెండు వరసల మధ్య నాలుగు ఎటూ పోవాలి, ఆ మీద ధర పడ్డందుకు ఇంకో మూడు.

“బోర్డు అస్సలు కదలకపోయినా, ఇలా పద్నాలుగు సార్లు అటూ ఇటూ తిప్పితే సగం డబ్బు ఆవిరైపోతుందన్నయ్యా” అంది రెండో కిటికీ ఆవిడ. యంత్రం మీద లెక్క కట్టి మరీ చూపించింది. “మధ్యలో ఒక్క వస్తువు కొనక్కర్లేదు, ఒక్క టీ తాగక్కర్లేదు. అసలు ఎందుకు తిప్పుతున్నారు?”

“మా అత్తగారికి మార్పు ఇష్టం” అన్నాను.

స్కూటరు డబ్బు అయిపోయింది. స్కూటరు ఎత్తు వచ్చినప్పుడల్లా ఆగిపోతోంది, నేను దిగి తోస్తున్నాను. “బాగుచేయిస్తానన్నారుగా” అని నా భార్య అడిగితే, నడక ఒంటికి మంచిదని చెప్పాను. తేలు కుట్టిన దొంగలా ఇంట్లో తిరిగాను. అత్తగారు ఎదురుపడితే మాత్రం ఛాతీ విరుచుకునేవాణ్ణి. ఆవిడ చుట్టుపక్కల వాళ్ళందరికీ నా గురించి చెప్పుకుంటున్నారు. ఈ మధ్య పళ్ళ డాక్టరు కూడా నన్ను చూస్తే లేచి నిలబడుతున్నాడు. మనిషి ఎంత తక్కువకి అమ్ముడుపోతాడో నాకు పైసలతో సహా తెలుసు.

అక్కడ పెద్దావిడకి నాలుగు నెలల మందుల కోర్సు ముగిసింది. ఆపరేషను తేదీ వచ్చేసింది. ఆ సంగతి తెలిసిన రోజే మా అత్తగారు నాలుగోసారి డబ్బు ఇచ్చారు. ధర పడింది పడినట్టే ఉంది, అమ్మేది ఎనభై ఒకటి కాబట్టి వెయ్యి మిగిలింది. ఆ వెయ్యి నాదేనని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. టిక్కెట్టు మీద తేదీ కూడా వేయించారు. ఇక తప్పదనుకున్నాం అందరం.

మర్నాడు మధ్యాహ్నం నేను కిటికీలో ఉండగా, గాజు తలుపు తోసుకుని మా అత్తగారు లోపలికొచ్చారు. చేతిలో రేకు డబ్బా. ఆవిడ మా కొట్టుకి రావడం అదే మొదటిసారి. నన్ను ఇబ్బంది పెట్టడం ఎందుకని తానే వచ్చారట. మా కాపలాదారు టోకెన్ ఇచ్చి రెండో కిటికీకి పంపాడు. నేను లేచేలోపు ఆవిడ నోట్లు లోపలికి తోసేశారు.

“వెనక్కి మార్చాలమ్మా” అన్నారు. “మా అక్క ఫోన్లో సరిగ్గా మాట్లాడలేదు. నేను వెళ్ళినా ఎదురుగా కూర్చుని పోట్లాడుకోవడమేగా. ఆపరేషనయ్యాక నెమ్మదిగా వెళ్తాను.”

రెండో కిటికీ ఆవిడ నోట్లు లెక్కపెట్టింది. “డెబ్భై ఏడు వేలు వస్తాయండీ.”

“కాదమ్మా. ఎనభై రెండు. మా అల్లుడుగారు ప్రతిసారీ ఎనభై రెండే తెచ్చిస్తారు. ఇక్కడే పని చేస్తారు, పక్కనే.”

రెండో కిటికీ ఆవిడ నా వైపు చూసింది. ఎప్పుడూ నన్ను వదిలిపెట్టని మనిషి, ఆ ఒక్కసారి ఏమీ అనలేదు. అదే నాకు ఎక్కువ సిగ్గనిపించింది. నేను కిటికీ మీద ‘విరామం’ పలక పెట్టి బయటికొచ్చాను. అత్తగారిని గోడవారన బల్ల మీద కూర్చోబెట్టాను.

“అత్తయ్యగారూ, ఆవిడ చెప్పింది నిజం. బోర్డు చూడండి. అమ్మేది ఎనభై ఒకటి, కొనేది డెబ్భై ఏడు. మీ వీధిలో కూరగాయల బండి దగ్గర కిలో వంకాయలు కొని, రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, అవే వంకాయలు అతనికే అమ్మబోతే అదే ధర ఇస్తాడా? ఇదీ అంతే. అటు వెళ్ళి ఇటు వస్తే తగ్గే వస్తుంది. ఎవరికైనా.”

ఆవిడ బోర్డు వైపు చాలాసేపు చూశారు. జీవితమంతా గుడ్డ కొలిచి కత్తిరించిన మనిషి. కత్తిరింపులో ఎంత పోతుందో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు.

“మరి తక్కువ పడ్డది?”

“నేను వేశాను.”

“ఎందుకు?”

ఎందుకో చెప్పడానికి నాకు మాట రాలేదు. అంత బాగా వివరించే మనిషిని. చివరికి, “మీరు అల్లుడుగారూ అన్నారు” అన్నాను.

ఆవిడ నవ్వుతారనుకున్నాను, లేకపోతే కరిగిపోయి నా తల నిమురుతారనుకున్నాను. మనసులో ఏ మూలో ఆ ఆశ కూడా ఉంది, దాచడం ఎందుకు. ఆవిడ మొహం ఎర్రబడింది.

“నాకు మొదటిసారే చెప్పి ఉంటే నేను అప్పుడే వెళ్ళిపోయేదాన్ని” అన్నారు. “నాలుగు వేలు ఊరికే పోగొట్టుకుంటానా నేను? మీసం ఉంటే ఉందిలే అనుకుని విమానం ఎక్కేదాన్ని. వెనక్కి రావడానికి ఏమీ పోదన్నారు కాబట్టి, అలిగినప్పుడల్లా వెనక్కి వచ్చాను. అక్కడ నాలుగు నెలలు అక్కతో ఉండాల్సినదాన్ని బాబూ.”

బాబూ అన్నారు. బల్బు మార్చాలని కాదు.

ఆవిడ చెప్పింది సరిగ్గా లెక్క కట్టినట్టు ఉంది. నేను రోజూ తిట్టుకునే ఆ నాలుగు వేలు, ఆవిడని గుమ్మం దాటించి ఉండేవి. అవి నేను కట్టేసి, ఆవిడని గుమ్మంలోనే నిలబెట్టాను. నా స్కూటరు డబ్బంతా పోసి నేను కొన్నది పరువు అనుకున్నాను. నిజానికి కొన్నది ఆవిడ వెళ్ళకుండా ఉండడం.

అత్తగారు లేచి రెండో కిటికీ దగ్గరికి వెళ్ళారు. “ఆ నోట్లు ఇటిచ్చేయమ్మా” అన్నారు. “వెనక్కి మార్చను. దీంతోనే వెళ్తాను.” డబ్బాలో పెట్టుకుని, మూత గట్టిగా నొక్కి, నా వైపు చూడకుండా వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం నా భార్యకి అంతా చెప్పేశాను. అంతా విని, “బావగారి మీద గెలవడానికా?” అంది. అవునన్నాను. “గెలిచారా?” అంది. నేను స్కూటరు తుడవడానికి కిందికి వెళ్ళాను. దానికి తుడుపు ఎందుకో దేవుడికే తెలియాలి.

అత్తగారు చెప్పిన తేదీకే విమానం ఎక్కారు. విమానాశ్రయానికి పళ్ళ డాక్టరు కారులో తీసుకెళ్ళాడు. నేను వెనక సీట్లో పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆవిడ అక్కడికి చేరేసరికి ఆపరేషనుకి వారం కూడా లేదు. ఆ కొద్ది రోజులూ మాకు ఫోన్ రాలేదు. మాట్లాడుకుంటున్నారేమో, పోట్లాడుకుంటున్నారేమో, మాకు తెలియలేదు.

ఆపరేషను ముందు రోజు ఫోన్ మోగింది. నా భార్య స్పీకరు పెట్టింది. అటునుంచి మా అత్తగారు, “అక్క నీతో కాదు, మీ ఆయనతో మాట్లాడుతుందట” అన్నారు. నేను ఫోను ముందు, హెడ్మాస్టరు ముందు నిలబడ్డట్టు నిలబడ్డాను.

ఆ గొంతు నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. బొంగురుపోయి, మధ్యమధ్యలో తెగిపోతూ ఉంది.

“నువ్వేనా అబ్బాయ్, మా చెల్లెలికి ఊరికే డబ్బు మార్చిపెట్టింది?”

“అవునండీ పెద్దత్తయ్యగారూ.”

“నీకెంత పోయింది?”

“పదమూడు వేలండీ.”

“పదమూడు వేలు పెట్టి దాన్ని నా దగ్గరికి రాకుండా చేశావు. నేనిక్కడ రోజూ తలుపు చప్పుడైతే చూసేదాన్ని. అది వస్తే తిట్టాల్సినవి ఎన్ని దాచుకున్నానో తెలుసా నీకు? ఇప్పుడు అన్నిటికీ టైము చాల్లేదు. సగం కూడా అవలేదు.” ఊపిరి తీసుకోవడానికి ఆగింది. వెనక మా అత్తగారు, చాల్లే అక్కా, గొంతు నొప్పెడుతుంది, ఫోను ఇటియ్యి అంటున్నారు.

నా భార్య నా చేయి పట్టుకుంది. క్షమించండి అనడం కూడా, ఆవిడ టైములోంచి కొంత నేను వాడుకున్నట్టే అవుతుందనిపించింది.

“పెద్దత్తయ్యగారూ” అన్నాను. “ఫోను ఇవ్వకండి. ఇంకా తిట్టండి.”

పెద్దావిడ మళ్ళీ మొదలుపెట్టింది. నన్ను, నా కొట్టుని, నా బోర్డుని, నాకు ఉద్యోగమిచ్చినవాణ్ణి, నాకు పిల్లనిచ్చిన తన చెల్లెల్ని, ఒక్కర్నీ వదలకుండా తిట్టింది. నేను మంచం అంచున కూర్చుని, ఒక్క మాట కూడా పోకుండా విన్నాను.